రెండు లీటర్ల పాత్రకు ఒక లీటరు జవాబు: సమతాస్థితి లెక్కలో ఒకే మూలం నుంచి పుట్టిన రెండు తప్పులు

రసాయన సమతాస్థితి మీద జవాబు పత్రాలు దిద్దేటప్పుడు, గాఢతల పట్టికలో దొర్లిన తప్పుకు ఒక చోట, సమతాస్థితి ఎటు జరుగుతుందో చెప్పడంలో దొర్లిన తప్పుకు మరో చోట విడివిడిగా మార్కులు తగ్గించడం నాకు చాలాకాలంగా అలవాటు. మొదటిది లెక్కకు, రెండోది సిద్ధాంతానికి చెందినవని నా ఉద్దేశం. ఒక విద్యార్థిని మూడు విడతలుగా రాసి తెచ్చిన జవాబు ఆ విభజన ఎంత పైపైదో నాకు చూపించింది. ఆమె పట్టికలోని తప్పే తర్వాతి భాగంలో దిశ తప్పడానికి కారణమైంది. అంతకన్నా ఇబ్బందికరమైన సంగతి ఏమిటంటే, నేను మామూలుగా చేసే రెండు సరిచూపులను ఆ తప్పు జవాబు ఏ అడ్డూ లేకుండా దాటిపోయింది.

ప్రశ్న ఇది. రెండు లీటర్ల ఖాళీ పాత్రలో 0.20 మోల్‌ల N₂O₄ ను ఉంచి, 100 డిగ్రీల సెల్సియస్ వద్ద సమతాస్థితికి రానిచ్చారు. ఆ ఉష్ణోగ్రత వద్ద N₂O₄ ⇌ 2NO₂ చర్యకు Kc విలువ 0.36. మొదటి భాగంలో రెండు వాయువుల సమతాస్థితి గాఢతలు కనుక్కోవాలి. రెండో భాగంలో, ఉష్ణోగ్రత మారకుండా పాత్ర ఘనపరిమాణాన్ని ఒక లీటరుకు తగ్గిస్తే సమతాస్థితి ఎటు జరుగుతుందో, గోధుమరంగు ఏమవుతుందో చెప్పాలి. N₂O₄ కు రంగు లేదు. కనిపించే రంగంతా NO₂ దే. స్థిరమైన ఘనపరిమాణంలో ఆర్గాన్ వాయువును ప్రవేశపెట్టడం గురించి మూడో భాగం ఒకటి ఉంది. దాని సంగతి చివర చెబుతాను.

మొదటి పత్రం

ఆమె వేసిన పట్టిక ఇలా ఉంది.

| | N₂O₄ | NO₂ |
|---|---|---|
| ప్రారంభం | 0.20 | 0 |
| మార్పు | −x | +x |
| సమతాస్థితి | 0.20 − x | x |

దీని నుంచి x²/(0.20 − x) = 0.36 అని రాసి, వర్గ సమీకరణాన్ని తప్పు లేకుండా సాధించి, NO₂ గాఢత 0.143 అనీ, N₂O₄ గాఢత 0.057 అనీ తేల్చింది. కింద ‘సరిచూచుట’ అని గీత గీసి, 0.143 ను వర్గం చేసి 0.057 తో భాగించి, 0.36 వచ్చిందని చూపించి, పక్కన టిక్కు కూడా పెట్టుకుంది. ఆ టిక్కు దగ్గర నేను కాసేపు ఆగాను, ఎందుకంటే చాలామంది విద్యార్థులకు మేము నేర్పే సరిచూపు అదొక్కటే. అది పరీక్షించేది వర్గ సమీకరణాన్ని సాధించడంలో తప్పు జరిగిందా లేదా అన్నది మాత్రమే. ఏ సమీకరణం నుంచి x ను రాబట్టామో ఆ x ను మళ్ళీ అదే సమీకరణంలో పెడితే కుడిఎడమలు సమానం కాక ఏమవుతాయి? పట్టిక తప్పుగా ఉన్నా సరే, ఆ సరిచూపు ఎప్పుడూ సరిపోయిందనే చెబుతుంది.

మార్పు వరుసలో ఉన్న దోషం కంటికి వెంటనే కనిపించేదే. ఒక N₂O₄ అణువు విడిపోతే రెండు NO₂ అణువులు వస్తాయి కాబట్టి అక్కడ +2x ఉండాలి. కానీ ‘ఇక్కడ 2 మరిచావు’ అని ఎర్రసిరాతో రాసేస్తే ఆమె ఈ లెక్కలో 2 చేరుస్తుంది, వచ్చే లెక్కలో మళ్ళీ మరిచిపోతుంది. అందుకని తప్పును చెప్పకుండా, నైట్రోజన్ పరమాణువులను లెక్కపెట్టమన్నాను. మొదట 0.20 మోల్‌ల N₂O₄ లో 0.40 మోల్‌ల నైట్రోజన్ పరమాణువులు ఉన్నాయి. ఆమె జవాబు ప్రకారం చివర ఉన్నవి 0.057 కి రెట్టింపు 0.114, దానికి 0.143 కలిపితే 0.257. పాత్ర మూసే ఉంది. మిగిలిన 0.143 మోల్‌ల నైట్రోజన్ ఎక్కడికి పోయినట్టు?

ఇది ఆమెకు బాగా పట్టింది. వర్గ సమీకరణంతో సంబంధం లేకుండా, పట్టికకు బయట నుంచి వచ్చే సరిచూపు ఇది. గుణకాలు తప్పినప్పుడు దాదాపు ప్రతిసారీ పట్టిస్తుంది. ఆమె పత్రం తీసుకెళ్ళి, మర్నాడు దిద్దుకుని తెచ్చింది.

రెండో పత్రం, నేను పెట్టబోయిన టిక్కు

ఈసారి మార్పు వరుసలో −x, +2x ఉన్నాయి. సమీకరణం (2x)²/(0.20 − x) = 0.36. ఇక్కడ చాలామంది 2x² అని రాసి దెబ్బతింటారు. ఆమె 4x² అనే రాసింది. x విలువ 0.0965 వచ్చింది. NO₂ 0.193, N₂O₄ 0.1035. Kc లో పెట్టి చూస్తే 0.36 సరిపోయింది. నైట్రోజన్ లెక్క కడితే 0.207 కి 0.193 కలిపి 0.40, అదీ సరిపోయింది. రెండు సరిచూపులూ దాటిన జవాబు కాబట్టి నేను మొదటి భాగానికి పూర్తి మార్కులు వేసి, పేజీ తిప్పాను.

పేజీ తిప్పాక కనిపించిన రెండో భాగం జవాబు ఇది: ‘పాత్రను సగానికి తగ్గించినప్పుడు లోపలి పదార్థం బయటకు పోలేదు, కొత్తగా చేరలేదు. కాబట్టి NO₂ 0.193, N₂O₄ 0.1035 గానే ఉంటాయి. చర్యా భాగఫలం Q = 0.36 = Kc. కాబట్టి సమతాస్థితి ఎటూ జరగదు. రంగు మారదు.’

ఈ జవాబును నేను మామూలు పద్ధతిలో దిద్ది ఉంటే, లీ షాట్లియర్ సూత్రం తెలియదని రాసి, పీడనం పెరిగితే తక్కువ మోల్‌లు ఉన్న వైపుకు జరుగుతుందని గుర్తుచేసి, మార్కులు తగ్గించి ఊరుకునేవాడిని. కానీ ఆ తర్కాన్ని ఇంకోసారి చదివితే అందులో లోపం కనిపించలేదు. పదార్థం పోలేదు, చేరలేదు అన్నది నిజం. Q ను కట్టి Kc తో పోల్చడం సరైన పద్ధతి. సూత్రాన్ని బట్టీపట్టి చెప్పడం కన్నా మేలైనది కూడా. సరైన పద్ధతి తప్పు ఫలితం ఇచ్చిందంటే, అందులోకి వెళ్ళిన అంకెలే తప్పయి ఉండాలి. అప్పుడు వెనక్కి తిప్పి మొదటి పట్టికను మళ్ళీ చూశాను. ప్రారంభం వరుసలో 0.20 ఉంది. అది మోల్‌ల సంఖ్య. పాత్ర రెండు లీటర్లది కాబట్టి గాఢత లీటరుకు 0.10 మోల్ కావాలి.

నా రెండు సరిచూపులూ దీన్ని ఎందుకు పట్టలేదో ఆలోచిస్తే కారణం తేలికగానే దొరుకుతుంది. Kc సరిచూపు తన సమీకరణాన్నే తాను నమ్ముతుంది. నైట్రోజన్ లెక్క మొదటి వరుసకూ చివరి వరుసకూ పొంతన చూస్తుంది. రెండు వరుసలూ మోల్‌లలో ఉంటే మోల్‌లతో మోల్‌లు సరిపోతాయి. ఘనపరిమాణం అన్నది ఈ రెండింటిలో ఎక్కడా అడుగే పెట్టలేదు. ప్రశ్నలో ఇచ్చిన ‘రెండు లీటర్లు’ అనే సమాచారాన్ని ఆమె జవాబులో ఒక్కసారి కూడా వాడలేదు. నేను అది గమనించి ఉంటే పేజీ తిప్పే అవసరం ఉండేది కాదు. ఇప్పుడు నేను చేసే మూడో సరిచూపు అదే: ప్రశ్నలో ఇచ్చిన ప్రతి అంకె కిందా పెన్సిలుతో గీత గీసి, ఆ అంకె జవాబులో ఎక్కడ వాడారో వెతుకుతాను. వాడని అంకె దొరికితే దాని వెనుక సాధారణంగా ఏదో ఒకటి ఉంటుంది.

సరైన లెక్క చాలా చిన్నది. ప్రారంభ గాఢత 0.10 పెడితే (2x)²/(0.10 − x) = 0.36, అంటే x² + 0.09x − 0.009 = 0. దీని ధన మూలం సరిగ్గా 0.06. N₂O₄ లీటరుకు 0.04 మోల్, NO₂ లీటరుకు 0.12 మోల్. 0.0144 ను 0.04 తో భాగిస్తే 0.36. నైట్రోజన్ లీటరుకు 0.08 + 0.12 = 0.20 మోల్, రెండు లీటర్లకు 0.40. కొందరు ఇక్కడ x చిన్నదనుకుని హారంలో వదిలేస్తారు. వదిలేస్తే x విలువ 0.095 దగ్గర వస్తుంది, అంటే మొత్తం 0.10 లో దాదాపు అంతా విడిపోయినట్టు. చిన్నదని వదిలేసినది అంత పెద్దదిగా తేలినప్పుడు ఆ ఉజ్జాయింపు పనికిరాదు.

ఆ అలవాటు ఎక్కడ నుంచి వచ్చింది

గాఢత రాయాల్సిన చోట మోల్‌లు రాయడం ఆమె అజాగ్రత్త కాదని, పిలిచి మాట్లాడినప్పుడు తెలిసింది. ‘ఇంతకుముందు చేసిన లెక్కలన్నిటిలో మోల్‌లే వేశాను సార్, అన్నీ సరిపోయాయి,’ అంది. ఆ లెక్కలు చూపించమన్నాను. అన్నీ H₂ + I₂ ⇌ 2HI చర్య మీద ఉన్నవే.

ఆ చర్యలో ఎడమవైపు రెండు మోల్‌లు, కుడివైపు రెండు మోల్‌లు. Kc లో పైన ఉన్న HI గాఢత వర్గంలో ఘనపరిమాణం రెండుసార్లు హారంలోకి వస్తుంది, కింద ఉన్న H₂, I₂ గాఢతల లబ్ధంలోనూ రెండుసార్లే వస్తుంది, కాబట్టి ఘనపరిమాణం పూర్తిగా కొట్టివేయబడుతుంది. పట్టికలో మోల్‌లు వేసినా గాఢతలు వేసినా ఎన్ని మోల్‌ల HI ఏర్పడిందో ఒకే జవాబు వస్తుంది. ఆ చర్యలో పాత్రను నొక్కితే సమతాస్థితి ఎటూ జరగదు కూడా. అంటే ఆమె పాటించిన రెండు నియమాలు, అనగా పట్టికలో మోల్‌లు వేయడం, ఘనపరిమాణం మారినా Q మారదనడం, రెండూ హైడ్రోజన్ అయొడైడ్ విషయంలో నిజమే. వాయు మోల్‌ల సంఖ్య రెండువైపులా సమానంగా ఉన్న ప్రతి చర్యలోనూ నిజమే. N₂O₄ దగ్గరికి వచ్చేసరికి పైన ఘనపరిమాణం రెండుసార్లు, కింద ఒకసారి వస్తుంది, ఒకటి మిగిలిపోతుంది. ఆ మిగిలిన ఒక్కటే ఈ ప్రశ్న మొత్తాన్ని నడిపిస్తుంది. మొదటి ఉదాహరణగా ఎప్పుడూ హైడ్రోజన్ అయొడైడ్‌నే ఎంచుకోవడంలో నా తప్పు కూడా ఉందని ఒప్పుకోవాలి. లెక్క తేలిక కాబట్టి దాన్నే తీసుకుంటాం, అది ఏం దాచిపెడుతుందో చూడం.

నొక్కిన తర్వాతి పట్టిక

రెండో భాగాన్ని మళ్ళీ చేయమన్నప్పుడు ఆమె ముందుగా వేసిన వరుస 0.04, 0.12. ఇది కూడా తరచుగా కనిపించే పొరపాటు. కదిలించిన తర్వాత వేసే పట్టికలో ప్రారంభ వరుస పాత సమతాస్థితి కాదు, కదిలించిన మరుక్షణం ఉండే స్థితి. రెండు లీటర్లు ఒక లీటరు అయినప్పుడు మోల్‌లు అలాగే ఉండి గాఢతలు రెట్టింపవుతాయి కాబట్టి ప్రారంభ వరుస N₂O₄ కు 0.08, NO₂ కు 0.24. అప్పుడు Q = 0.0576/0.08 = 0.72. Kc 0.36 కన్నా ఇది ఎక్కువ, కాబట్టి లవం తగ్గి హారం పెరగాలి. NO₂ జతలుగా కలిసి N₂O₄ కావాలి. సమతాస్థితి ఎడమవైపుకు జరుగుతుంది. Kc మాత్రం మారదు, ఎందుకంటే ఉష్ణోగ్రత మారలేదు.

| | N₂O₄ | NO₂ |
|---|---|---|
| నొక్కిన మరుక్షణం | 0.08 | 0.24 |
| మార్పు | +y | −2y |
| కొత్త సమతాస్థితి | 0.08 + y | 0.24 − 2y |

(0.24 − 2y)² = 0.36(0.08 + y) అన్న దాన్ని సర్దితే y² − 0.33y + 0.0072 = 0. రెండు మూలాలు వస్తాయి, రెండూ ధనాత్మకమే: 0.0235, 0.3065. మొదటి భాగంలో రుణ మూలాన్ని వదిలేయడం అలవాటైన విద్యార్థి ఇక్కడ తికమక పడతాడు. రెండో మూలం తీసుకుంటే NO₂ గాఢత 0.24 నుంచి 0.613 తీసేయాలి, అంటే సున్న కన్నా తక్కువ. అందుకే అది చెల్లదు. ఏ మూలాన్ని ఉంచాలో గుర్తు చూసి కాకుండా, పట్టిక చివరి వరుసలోని ప్రతి గాఢతా సున్న కన్నా ఎక్కువగా ఉందా అని చూసి నిర్ణయించాలి. y = 0.0235 తీసుకుంటే N₂O₄ 0.1035, NO₂ 0.193.

ఈ అంకెలను ఇంతకుముందు చూశాం. ఆమె రెండో పత్రంలో మొదటి భాగానికి రాసిన జవాబు ఇవే. ఇది కాకతాళీయం కాదు. పట్టికలో 0.20 మోల్‌లను గాఢతగా రాయడమంటే పాత్ర ఒక లీటరుదని చెప్పకుండా అనుకోవడమే. ఆమె రెండు లీటర్ల పాత్ర గురించి అడిగిన ప్రశ్నకు ఒక లీటరు పాత్ర జవాబు రాసింది. ఒక లీటరు పాత్రకు అది నిక్కమైన జవాబు. తర్వాత ఆ పాత్రను ఒక లీటరుకు నొక్కితే ఏమీ జరగదని చెప్పింది. ఒక లీటరు పాత్రను ఒక లీటరుకు నొక్కితే జరిగేదేముంది? దీన్ని నేను బోర్డు మీద రెండు పట్టికలూ పక్కపక్కన వేసి చూపించినప్పుడు ఆమె చాలాసేపు మాట్లాడకుండా రెండు 0.193 లనూ చూసింది.

ఇదే విషయం దిద్దేవారికి ఒక మంచి సరిచూపు అవుతుంది. సమతాస్థితికి ఏ దారిలో వచ్చామన్నది అక్కరలేదు. కాబట్టి ఘనపరిమాణం మారిన లెక్కలో చివరి జవాబును, మొదటి నుంచీ చివరి ఘనపరిమాణంలోనే ఆ పదార్థాన్ని ఉంచినట్టు భావించి వేరేగా కట్టవచ్చు. రెండు దారులూ ఒకే చోటికి చేరకపోతే ఎక్కడో ఒక పట్టిక తప్పు.

దిశ విషయంలో భయం ఉన్నవారికి ఇంకొక మాట. గుర్తులు తిరగేసి, N₂O₄ కు −y, NO₂ కు +2y వేసినా ఈ లెక్క పాడవదు. y విలువ −0.0235 వస్తుంది. రుణ గుర్తు వచ్చిందంటే అనుకున్న దిశ తప్పని పట్టికే చెబుతుంది. అందువల్ల దిశ తప్పుగా ఊహించి, y రుణంగా వచ్చాక ‘రుణం చెల్లదు’ అని కొట్టేసి, రెండో మూలాన్ని తీసుకున్న జవాబులను నేను ప్రత్యేకంగా చూస్తాను. అలా చేసిన విద్యార్థికి ఈ లెక్కలో రెండో మూలం −0.3065 గా కనిపిస్తుంది, అప్పుడు చేతిలో ఏ మూలమూ మిగలదు. అక్కడ ఆగిపోయిన పత్రంలో లోపం దిశలో ఉందే తప్ప వర్గ సమీకరణంలో లేదు.

ఎడమవైపుకు జరిగింది కాబట్టి రంగు తగ్గిందా?

మూడో పత్రంలో పట్టికలు రెండూ సరిగ్గా వేసింది, దిశ సరిగ్గా చెప్పింది. కింద మాత్రం ఇలా రాసింది: ‘సమతాస్థితి ఎడమవైపుకు జరిగింది కాబట్టి NO₂ గాఢత మొదటికన్నా తగ్గుతుంది. గోధుమరంగు మొదటికన్నా పలచబడుతుంది.’ తానే కట్టిన 0.193 ఆ వాక్యానికి రెండు గీతల పైన ఉంది. మొదటి గాఢత 0.12.

దిశ చెప్పడం దగ్గరే ఆగిపోయే ప్రశ్నలు ఈ తప్పును ఎప్పటికీ బయటపెట్టవు. NO₂ మోల్‌లు తగ్గాయి: మొదట రెండు లీటర్లలో 0.24 మోల్, ఇప్పుడు ఒక లీటరులో 0.193 మోల్. గాఢత మాత్రం పెరిగింది: 0.12 నుంచి 0.193 కి. నొక్కడం వల్ల గాఢత 0.24 కి ఎగిరింది, సమతాస్థితి జరగడం వల్ల అందులో కొంత వెనక్కి వచ్చింది, అంతే. పీడనం కూడా అలాగే: ఆదర్శ వాయువుగా లెక్కిస్తే మొదట సుమారు 4.9 అట్మాస్ఫియర్లు, నొక్కిన మరుక్షణం 9.8, చివరకు 9.1. లీ షాట్లియర్ సూత్రాన్ని ‘మార్పును రద్దు చేస్తుంది’ అన్న మాటలలో నేర్చుకున్నవారు పాత విలువకో, అంతకన్నా కిందికో చేరుతుందని అనుకుంటారు. ఇలాంటి నొక్కుడులో సమతాస్థితి మార్పును కొంత తగ్గించగలదే కానీ తుడిచిపెట్టలేదు. పైగా Kc స్థిరంగా ఉండాలంటే, N₂O₄ గాఢత 0.04 నుంచి 0.1035 కి పెరిగిన చోట NO₂ గాఢత తగ్గడం ఎలా కుదురుతుంది? భిన్నంలో హారం పెరిగి లవం తగ్గితే విలువ 0.36 దగ్గర నిలవదు. ఈ ఒక్క వాక్యంతో, వర్గ సమీకరణం జోలికి పోకుండానే, ఆమె రాసిన వాక్యం తప్పని తేల్చవచ్చు.

అయితే రంగు గురించిన ఆమె వాక్యం పూర్తిగా తప్పని కొట్టేసే ముందు, ఎటు నుంచి చూస్తున్నామన్నది అడగాలి. కనిపించే రంగు గాఢతతో పాటు, కాంతి ఎంత పొడవు వాయువు గుండా వస్తున్నదన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. వాయువున్న సిరంజిని పక్క నుంచి చూస్తే, నొక్కినా గొట్టం వ్యాసం మారదు కాబట్టి గాఢత ఒక్కటే లెక్క. చివరి రంగు మొదటికన్నా ముదురుగానే ఉంటుంది. అదే సిరంజిని నిలువునా, పిస్టన్ ఎదుటి కొస నుంచి చూస్తే, నొక్కడం వల్ల గాఢత పెరిగినంత నిష్పత్తిలో పొడవు తగ్గుతుంది; కనిపించేది మోల్‌ల సంఖ్యకు అనుగుణమైన రంగు. ఆ వైపు నుంచి చూసినవారికి 0.24 కి బదులు 0.193 కనిపిస్తుంది, అంటే రంగు పలచబడినట్టే ఉంటుంది. ప్రశ్నలో చూపు దిశ చెప్పలేదు కాబట్టి, ఈ కారణం రాసి ఉంటే నేను పూర్తి మార్కులు ఇచ్చేవాడిని. ఆమె కారణంగా రాసింది గాఢత తగ్గడం కాబట్టి ఇవ్వలేదు.

ప్రయోగశాలలో ఇది చూపించబోయే వారికి ఒక హెచ్చరిక కూడా అవసరం. ఈ చర్య కంటికి అందనంత వేగంగా సమతాస్థితికి వస్తుంది, కాబట్టి Q = 0.72 అన్న స్థితి లెక్కలో ఉండేదే తప్ప చూడటానికి దొరికేది కాదు. పైగా ఒక్కసారిగా నొక్కితే వాయువు వేడెక్కుతుంది. N₂O₄ విడిపోవడం ఉష్ణగ్రాహక చర్య, మోల్‌కు దాదాపు 57 కిలోజౌళ్ళు తీసుకుంటుంది. వేడి దాన్ని కుడివైపుకు నెట్టి రంగును ఇంకా ముదురు చేస్తుంది. సిరంజి చల్లబడే కొద్దీ కనిపించే పలచబాటులో ఈ వేడి తగ్గడం కూడా కలిసి ఉంటుంది. దీనికి సంబంధించిన ప్రశ్నలో ‘ఉష్ణోగ్రత మారకుండా’ అన్న మాట లాంఛనానికి పెట్టింది కాదు.

మార్కుల సంగతి

మూడు పత్రాలూ అయ్యాక రెండో పత్రాన్ని తిరిగి దిద్దాను. మొదటి భాగంలో ప్రారంభ వరుసకు మార్కు తీసేసి, ఆ తర్వాతి అడుగులు ఆ తప్పు అంకెల మీదే సరిగ్గా నడిచాయి కాబట్టి వాటి మార్కులు ఉంచాను. రెండో భాగంలో తప్పు ముందు నుంచి మోసుకొచ్చినదే అయినా అక్కడ మార్కులు ఇవ్వలేదు, ఎందుకంటే ఘనపరిమాణం సగమైతే గాఢతలు మారతాయా లేదా అన్నదే ఆ భాగం అడిగింది, దానికి ఆమె మారవని చెప్పింది. Q ను కట్టి Kc తో పోల్చిన పద్ధతికి మాత్రం ఒక మార్కు ఇచ్చాను. దీని మీద నా తోటి ఉపాధ్యాయుడు ఒప్పుకోలేదు. మోసుకొచ్చిన తప్పుకు రెండుసార్లు శిక్ష వేయకూడదని ఆయన వాదన. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. కానీ తప్పు అంకె ఇచ్చినందువల్ల కాక, ఆ తప్పు ప్రశ్నలోని విషయాన్నే మాయం చేసినందువల్ల జవాబు తప్పినప్పుడు, అక్కడ పరీక్షించడానికి ఏమీ మిగలలేదన్నది నా అభిప్రాయం.

మిగిలింది ఆర్గాన్ భాగం. రెండో పత్రంలో ఆమె, ఆర్గాన్ వేస్తే మొత్తం పీడనం పెరుగుతుంది కాబట్టి ఎడమవైపుకు జరుగుతుందని రాసింది. పాత్రను నొక్కినప్పుడు జరగదని రాసి, ఆర్గాన్ వేసినప్పుడు జరుగుతుందని రాయడం, పీడనం అన్న ఒక్క మాటనే పట్టుకుంటే వచ్చే చిక్కు. మూడో పత్రంలో మాత్రం ఆ భాగానికి ఏ సూత్రమూ రాయలేదు. మొదటి పట్టికలోని 0.04, 0.12 లను మళ్ళీ రాసి, ‘ఈ రెండు అంకెలలో దేన్నీ ఆర్గాన్ మార్చదు, Q = 0.36’ అని మాత్రమే రాసింది. పూర్తి మార్కులు వేశాను.

ఆ తర్వాత ఆమె వచ్చి, పాత్ర గట్టిది కాకుండా పిస్టన్ ఉన్నదైతే ఏమవుతుందని అడిగింది. అక్కడే కట్టించాను. పీడనం మారకుండా ఆర్గాన్ చేరుతూ పాత్ర నాలుగు లీటర్లకు ఉబ్బిందనుకుంటే, ఆ క్షణాన గాఢతలు 0.02, 0.06. Q = 0.0036/0.02 = 0.18, Kc లో సగం. సమతాస్థితి కుడివైపుకు జరుగుతుంది. నా ప్రశ్నలో ‘స్థిరమైన ఘనపరిమాణంలో’ అన్న రెండు పదాలు లేకపోతే ఆ భాగానికి రెండు వేర్వేరు సరైన జవాబులు ఉండేవి. అంతకుముందు సంవత్సరం నేను తయారుచేసిన ప్రశ్నపత్రాన్ని ఆ సాయంత్రం తీసి చూశాను. అందులో ఆ రెండు పదాలు లేవు.